ఒంటరిగా ఏసీ పనులు చేసుకునేవాళ్ళు చేతి కింద కుర్రాణ్ణి ఎప్పుడు పెట్టుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నాది పాలకొల్లు. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. చాలా ఏళ్ళు బండి మీద ఒక్కణ్ణే తిరిగాను. రెండు వేసవుల నుంచి ఉదయం పూట పనికి ఒక కుర్రాడు వస్తున్నాడు. శివరాత్రి వెళ్ళిందంటే చాలు, భీమవరం, తణుకు, రాజోలు వైపు మెకానిక్కులు ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మళ్ళీ చెప్పే బదులు రాసి పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇందులో ఉన్న రేట్లు నావి. మీ ఊళ్ళో నడిచే రేటు వేసుకుని చూసుకోండి.

## పెట్టుకోవాలా వద్దా అని ఊగుతున్నప్పుడు

ఫోన్లు ఆగట్లేదండి. ఇక మనిషిని పెట్టేసుకోవచ్చా?

ఏప్రిల్ నెలలో ఎవరి ఫోనూ ఆగదు. అదొక్కటి చూసి పెట్టుకుంటే జూన్‌లో నాలుగు వానలు పడగానే కుర్రాడూ మీరూ షాపు ముందు కూర్చుని టీలు తాగుతారు. ఫోన్లు చాలా వచ్చాయంటే పని చాలా ఉందని కాదు. పని చాలా ఉందన్నా, అది కుర్రాడితో తీరే పని అని కాదు.

చూడాల్సింది ఒక్కటే: మీరు వదులుకుంటున్న బేరాల్లో ఇంకో రెండు చేతులు ఉంటే అయ్యేవి ఎన్ని? అవి వరసగా నాలుగు వారాలు, ప్రతి వారం కనిపిస్తుంటే మనిషి అవసరం ఉన్నట్టు. ఒక్క వారం ఎండలు మండి తర్వాత తగ్గిపోతే, ఆ వారానికి తెలిసిన మెకానిక్‌ని తోడు పిలుచుకుంటే సరిపోతుంది.

వదిలేసిన బేరాలు ఎలా లెక్కపెట్టాలి? అవి గుర్తుండవు కదా?

గుర్తుండవు, అందుకే రాయాలి. నేను స్కూలు పిల్లల పొడుగు నోట్‌బుక్ ఒకటి బండి డిక్కీలో పెట్టుకున్నాను. రాత్రి అన్నం తిన్నాక ఫోన్‌లో ఆ రోజు కాల్స్ చూసి, మనం వెళ్ళని ప్రతి కాల్‌కీ ఒక వరస రాశాను: ఏ ఊరు, ఏం పని, ఎందుకు వెళ్ళలేదు. పది నిమిషాల పని. రెండు రోజులు మానేస్తే మాత్రం మూడో రోజు ఊహించి రాస్తాం, అప్పుడు లెక్క మనకి ఇష్టమైనట్టు వస్తుంది.

24 పని దినాల్లో 31 కాల్స్ వదిలేసినట్టు తేలింది. మొదట ఆ అంకె చూసి గుండె ఝల్లుమంది. విడదీస్తే కథ వేరు. 9 మంది ఉత్తినే రేటు అడిగినవాళ్ళు. 6 పనులు పీసీబీ, గ్యాస్ లీకు లాంటివి, అంటే నేనే కూర్చుని చేయాల్సినవి. కుర్రాడు ఉన్నా అవి అక్కడే ఉంటాయి. మిగిలిన 16లో 11 మామూలు వెట్ సర్వీసులు, 5 కొత్త ఫిట్టింగులు, షిఫ్టింగులు. నాకు పనికొచ్చే అంకె 31 కాదు, 16. అంటే వారానికి నాలుగు.

మీ పుస్తకంలో ఇలా విడదీశాక వారానికి ఒకటో రెండో మాత్రమే మిగిలితే ఈ ఏడాదికి ఆ ఆలోచన పక్కన పెట్టండి.

పని కన్నా తిరగడమే సరిపోతోంది. కుర్రాడుంటే తగ్గుతుందా?

తగ్గదు. ఇద్దరు కూర్చున్నంత మాత్రాన బండి తొందరగా వెళ్ళదు. పొద్దున్న నరసాపురం, పదకొండుకి ఆచంట, మళ్ళీ మధ్యాహ్నం నరసాపురం అని తిరుగుతుంటే లోపం మనం ఒప్పుకునే తీరులో ఉంది. ముందు రోజులు కట్టుకోండి: సోమ, గురువారాలు నరసాపురం రోడ్డు, మంగళ, శుక్రవారాలు ఆచంట, పెనుగొండ వైపు. "గురువారం వస్తానండి" అంటే పదిమందిలో ఏడుగురు సరే అంటారు. ఏసీ అసలు పనిచేయకపోతే తప్ప సర్వీసుకి ఎవరూ అంత తొందరపడరు.

చించినాడ వంతెన దాటి కోనసీమ వైపు వెళ్ళే బేరాలైతే మూడు పోగయ్యాకే కదులుతాను. ఈ మార్పు ఒక్కటే చేసి మూడు వారాలు చూడండి. అప్పటికీ బేరాలు పోతుంటే అప్పుడు మనిషి సంగతి.

నిచ్చెన మీద ఉండి ఫోన్ ఎత్తలేకపోతున్నాను, అందుకే బేరాలు పోతున్నాయి. దానికి కుర్రాడు కావాలా?

అక్కర్లేదు. ఫోన్ ఎత్తడానికి ఏసీ పని తెలియక్కర్లేదు. మా ఇంట్లో ఆవిడే తీసుకుంటుంది. పేరు, ఊరు, ఏసీ చల్లగా రావట్లేదా, నీళ్ళు కారుతున్నాయా, అసలు ఆన్ కావట్లేదా అని మూడే అడుగుతుంది. ఇంట్లో ఎవరికీ కుదరకపోతే పదకొండింటికీ నాలుగింటికీ కూర్చుని అందరికీ తిరిగి చేయండి. రాత్రి తొమ్మిదికి చేస్తే ఆ సరికే ఇంకొకరు వచ్చి వెళ్ళి ఉంటారు.

లెక్కలు కాదండి, నడుం పట్టేస్తోంది. అవుట్‌డోర్ మోయలేకపోతున్నాను. అది కారణం కాదా?

ముమ్మాటికీ కారణమే. టన్నున్నర అవుట్‌డోర్ సుమారు 30 కిలోలు ఉంటుంది. దాన్ని ఒక్కడే భుజాన పెట్టుకుని డాబా మెట్లెక్కడం మగతనం కాదు. నేను అలా చేసే ఒకసారి పది రోజులు మంచం మీద ఉన్నాను, సరిగ్గా మే నెలలో.

కానీ మోయడానికే మనిషి కావాలంటే రోజూ పూట కూలి ఇవ్వనక్కర్లేదు. ఫిట్టింగులన్నీ వారంలో రెండు రోజులకి చేర్చి, ఆ రెండు పూటలకే పిలవండి.

## లెక్క చూసుకునేటప్పుడు

పూటకి ఎంత ఇవ్వాలి? అది గిట్టుతుందా?

నా పూట ఉదయం 8 నుంచి 1 దాకా. కుర్రాడికి 300, టిఫినూ టీలూ కలిపి 40, మొత్తం 340 అవుతుంది. కనీస వేతనం ఏడాదికి రెండుసార్లు మారుతుంది కాబట్టి మీ లేబర్ ఆఫీసులో అడిగి, గంటల లెక్కన అంతకు తగ్గకుండా చూసుకోండి.

ఇప్పుడు ఆ 340కి వచ్చేదేమిటి? ఒక్కణ్ణే వెట్ సర్వీసు చేస్తే నాకు 70 నిమిషాలు. ఇండోర్‌కి సంచి కట్టడం, మెట్లు దిగి పంపు ఆన్ చేయడం, ఎక్కడం, కడగడం, మళ్ళీ దిగడం, అవుట్‌డోర్ దగ్గరికి పైపు లాగడం. సగం టైము మెట్ల మీదే పోతుంది. దానికి సామాను సర్ది కట్టుకుని ఇంకో ఇంటికి చేరడం 25 నిమిషాలు. అంటే ఇంటికి 95, పూటకి మూడు ఇళ్ళు. కుర్రాడుంటే నేను ఇండోర్ కడిగే లోపు వాడు అవుట్‌డోర్ కడిగేస్తాడు, నిచ్చెన వాడు పట్టుకుంటాడు, సామాను కట్టడమూ తొందరగా అవుతుంది. ఇంటికి మొత్తం 65 నిమిషాలు. పూటకి నాలుగు ఇళ్ళు, ఎప్పుడైనా అయిదు.

సర్వీసుకి 500 తీసుకుంటాను, పెట్రోలూ లిక్విడూ పోను 440 మిగులుతుంది. పూటకి ఒక్క సర్వీసు అదనంగా అయితే 440లో 340 వాడికి, నాకు వంద. వంద రూపాయల కోసం ఇంత తలనొప్పి ఎందుకని అనిపిస్తుంది, నిజమే. ఉత్త సర్వీసుల మీద కుర్రాడు పెద్దగా గిట్టడు. గిట్టేది ఫిట్టింగుల దగ్గర. ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఫిట్టింగు వస్తే అయితే వదిలేసేవాణ్ణి, లేదంటే ఇంకో మెకానిక్‌ని పిలిచి 500 ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ పని కుర్రాడి పూటలోనే అయిపోతోంది. మీకు వారానికి ఒక్క ఫిట్టింగైనా లేకపోతే తొందరపడకండి.

వారానికి ఎన్ని పూటలు పెట్టుకోవాలి?

పోతున్న పనికి ఎన్ని గంటలు కావాలో అన్ని పూటలు. నా లెక్క చెప్తాను. నాలుగు వారాల్లో చేతులు చాలక వదిలేసినవి 11 సర్వీసులు, 5 ఫిట్టింగులు. వారానికి వేస్తే దాదాపు మూడు సర్వీసులు, ఒక ఫిట్టింగు పైన. సర్వీసుల మీద 1,200, ఫిట్టింగుల మీద 1,500 చొప్పున వారానికి 2,700 దాకా చేతికి రాకుండా పోతోంది.

మూడు పూటలు పెట్టుకుంటే కుర్రాడికి 1,020. 2,700లోంచి తీసేస్తే 1,680 మిగలాలి. కాగితం మీద అంతే. కానీ పోయిన బేరాలన్నీ మనకే వచ్చేవని ఎవరు చెప్పారు? కొందరు వాయిదా వేస్తారు, కొందరు బేరమాడి మానేస్తారు. గంటలూ చాలవు: మూడు పూటల్లో నాకు కలిసొచ్చేది నాలుగున్నర గంటలు, ఆ పనులన్నీ చేయాలంటే ఆరు గంటలు కావాలి. అందుకని ఆదాయాన్ని సగానికి కోసి చూశాను. 1,350లో 1,020 పోతే 330. సగానికి కోసినా సున్నా కిందకి దిగలేదు కాబట్టి మూడు పూటలతో మొదలుపెట్టాను. సగానికి కోస్తే నష్టం చూపిస్తుంటే పూటలు తగ్గించండి, లేదా మానుకోండి.

నెల జీతం మాట్లాడుకోవాలా, పూట లెక్కా?

మొదటి సీజన్ పూట లెక్కే. నెల జీతం అంటే పని లేని రోజు కూడా ఇవ్వాలి, అది న్యాయం కూడా. పూట లెక్కలో మీరు పాటించాల్సింది ఒకటుంది: ముందు రోజు సాయంత్రం ఏడు లోపు "రేపు పని ఉంది" అనో "లేదు" అనో చెప్పాలి. పొద్దున్న వచ్చాక బేరం తప్పిపోతే ఆ పూట డబ్బు ఇచ్చేయాలి. ఒకసారి నేను సగం ఇచ్చి పంపాను. మర్నాడు వాడు రాలేదు, తప్పు వాడిది కాదు.

ఇన్ని సర్వీసులకి ఇంత అని కమీషన్ పెట్టొద్దు. అప్పుడు వాడి చూపు గడియారం మీదే ఉంటుంది, డ్రెయిన్ ట్రే కడగకుండా సంచి విప్పేస్తాడు. నాలుగు రోజులకి "మీరు కడిగి వెళ్ళాక గోడ మీద నీళ్ళు కారుతున్నాయండీ" అని ఫోన్ వస్తుంది.

## మనిషిని చూసుకునేటప్పుడు

ఎలాంటి కుర్రాడైతే మంచిది?

నా అనుభవంలో ఐటీఐలో ఏసీ ట్రేడు చదువుతున్నవాడు, లేదా ఆ చదువు అయిపోయి ఎక్కడా కుదరనివాడు. వాడికి డబ్బు కన్నా చేయి తిరగడం ముఖ్యం, అందుకని వస్తాడు. క్లాసులు ఏ పూట ఉన్నాయో ముందే అడగాలి.

మన ప్రాంతంలో రెండు విషయాలు తప్పకుండా కనుక్కోండి. ఒకటి, రాత్రి రొయ్యల చెరువు కాపలాకి వెళ్తాడా అని. భీమవరం చుట్టుపక్కల చాలామంది కుర్రాళ్ళు వెళ్తారు. రాత్రంతా ఏరియేటర్లు చూసి వచ్చినవాణ్ణి పొద్దున్నే నిచ్చెన ఎక్కించడం ఇద్దరికీ మంచిది కాదు. నా దగ్గర మొదట చేరినవాడు అలాగే పిట్టగోడకి ఆనుకుని, పంపు పైపు చేత్తో పట్టుకునే నిద్రపోయాడు. రెండు, ఇంట్లో దాళ్వా సాగు ఉందా అని. దాళ్వా కోతలు ఏప్రిల్‌లో వస్తాయి, మన సీజనూ అప్పుడే. ఆ వారం పది రోజులు వాడు రాడు, రమ్మని అడగడమూ బాగుండదు. ముందే తెలిస్తే ఆ వారం ఫిట్టింగులు ఒప్పుకోకుండా చూసుకుంటారు.

మా బావమరిది కొడుకు ఉన్నాడు, 15 ఏళ్ళు. సెలవుల్లో ఖాళీయే. వాణ్ణి తిప్పుకోవచ్చా?

వద్దు. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడమే నేరం, 14 నుంచి 18 లోపు వాళ్ళని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మన పనిలో కరెంటు, ఎత్తు, గ్యాస్ మూడూ ఉన్నాయి. చట్టం సంగతి అటుంచండి, పిట్టగోడ మీంచి కాలు జారితే బావమరిదికి ఏం చెప్తారు? 18 నిండినవాణ్ణే చూసుకోండి, ఆధార్‌లో పుట్టిన తేదీ మీ కళ్ళతో చూడండి.

పని నేర్చుకుని నా బేరాలే పట్టుకుపోతే?

కొన్ని పట్టుకుపోతాడు. ఇది దాచుకుని లాభం లేదు. మనమూ ఎవరో ఒకరి దగ్గర అలాగే నేర్చుకున్నాం. కానీ మన వైపు అంతకన్నా ఎక్కువ జరిగేది వేరు: రెండు సీజన్లు పని నేర్చుకుని కువైట్‌కో దుబాయ్‌కో వెళ్ళిపోతాడు. వాడు మీ కింద పదేళ్ళు ఉంటాడని లెక్క వేసుకోకండి, రెండు సీజన్లు అనుకోండి.

చేయగలిగిందల్లా, కస్టమర్‌తో డబ్బు మాటలు, మళ్ళీ ఎప్పుడు రావాలనే మాటలు మీరే మాట్లాడటం. బిల్లు మీద మీ నంబరు ఉండాలి, పేమెంటు మీ క్యూఆర్‌కే రావాలి. వాడి నంబరు అడిగితే ఇవ్వొద్దని నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే కచ్చితంగా ఇస్తాడు.

## మొదటి వారాల్లో

ఏ పనులు అప్పగించాలి? ఏవి అప్పగించకూడదు?

మొదటి రెండు వారాలు నాలుగు పనులు చాలు: నిచ్చెన పట్టుకోవడం, ఫిల్టర్లు కడగడం, అవుట్‌డోర్ కడగడం, పని అయ్యాక గది తుడవడం. చివరిది చిన్నదనుకోకండి. ఇంటావిడ చూసేది కాయిల్ కాదు, మంచం దుప్పటి మీద పడిన మురికి చుక్క.

అవుట్‌డోర్ కడిగేటప్పుడు ఒకటి పక్కనే ఉండి చూపించాలి. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలికి ఫిన్స్ ఉప్పు తిని అప్పడంలా ఉంటాయి. పంపు దగ్గరగా, ఏటవాలుగా పెట్టి కొడితే పొడిపొడిగా రాలిపోతాయి, లేదా మడతపడి గాలి ఆడదు. రెండడుగుల దూరం నుంచి, ఫిన్ల గీతలకి తిన్నగా కొట్టమనాలి. నీళ్ళతో పాటు వెండి రంగు తుక్కు రాలుతుంటే వెంటనే ఆపేయమనండి.

ఎంసీబీ దించానని వాడు చెప్పినా మీరు వెళ్ళి చూడాలి. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది కాబట్టి అవుట్‌డోర్ మూత వాడు విప్పకూడదు. గ్యాస్ ముట్టుకోకూడదు. ఇప్పుడొచ్చే ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32కి కొంత మండే గుణం ఉంది. వాడు పక్కన ఉండగా గ్యాస్ పని చేస్తుంటే వాడి జేబులో అగ్గిపెట్టె లేదని కూడా చూసుకోవాలి.

పనిలో దెబ్బ తగిలితే ఎవరు చూసుకోవాలి?

మీరే. ఈఎస్ఐ మామూలుగా పది మంది, పీఎఫ్ ఇరవై మంది ఉన్నచోట వర్తిస్తాయి. ఒక్క కుర్రాడికి అవి రావు. కాబట్టి ఆస్పత్రి ఖర్చు మీదే అనుకుని కొంత డబ్బు పక్కన పెట్టండి.

మొదటి రోజే వాడి బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ళ దాకా కట్టొచ్చు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. కట్టు కట్టించుకోవడానికి, ఎక్స్‌రేకి అది రాదు. ఇంకో మెలిక, ఆ బీమా ఏడాది మే 31తో అయిపోతుంది. మార్చిలో కట్టించినా జూన్ 1కి మళ్ళీ 20 కోసుకోవడానికి ఖాతాలో డబ్బు ఉందో లేదో చూడమనండి.

కుర్రాడు వచ్చి నెల అయింది. పని పెరిగింది కానీ చేతిలో డబ్బు మిగలట్లేదు. ఎక్కడ పోతోంది?

మూడు చోట్ల వెతకండి. మొదటిది, పూటకి ఎన్ని ఇళ్ళు అవుతున్నాయి? వాడు లేనప్పుడు మూడు, వాడున్నా మూడే అయితే మీరు వాడికి పని చెప్పకుండా మీరే చేసుకుంటున్నారు. ఇది చాలామందికి వచ్చే జబ్బు, నాకూ వచ్చింది. వాడు పంపు పట్టుకుంటే నేను పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయేవాణ్ణి. రెండు వారాలు చూడటం సరే, నాలుగో వారం కూడా చూస్తుంటే ఇద్దరు కలిసి ఒక్కడి పని చేస్తున్నట్టు.

రెండోది, ఉచితంగా మళ్ళీ వెళ్తున్న ఇళ్ళు. సర్వీసు చేసిన వారం లోపు "నీళ్ళు కారుతున్నాయి", "శబ్దం వస్తోంది" అని పిలిచినవి రాసుకోండి. నెలకి ఒకటో రెండో ఎవరికైనా వస్తాయి. వారానికి రెండు వస్తుంటే అదనంగా సంపాదించినదంతా అక్కడే పోతోంది. తొంభై పాళ్ళు అది డ్రెయిన్ ట్రేలో మిగిలిన పాకుడు. ఒక జగ్గు నీళ్ళు పోసి పైపు చివర ధారగా వస్తున్నాయో లేదో చూశాకే సంచి విప్పమనండి.

మూడోది, మధ్యాహ్నం. పొద్దున్న నాలుగు ఇళ్ళు అయ్యాయన్న తృప్తితో మధ్యాహ్నం పడుకుంటున్నారేమో చూసుకోండి. నవ్వొద్దు, నా లెక్క తేలింది అక్కడే.

## సీజన్ అయిపోయాక

వానలు పడ్డాయి, పని తగ్గింది. వాణ్ణి మానిపించాలా?

మానిపించడం అనే మాట రాకుండా ఉండాలంటే మార్చిలోనే చెప్పాలి: "జూన్ నెలాఖరు దాకా వారానికి మూడు పూటలు, ఆ తర్వాత పని ఉన్నప్పుడు పిలుస్తాను." ఇలా చెప్పకుండా జూలైలో ఫోన్లు మానేస్తే వాడు వచ్చే మార్చికి ఇంకొకరి బండి మీద కనిపిస్తాడు.

నేను జూలై నుంచి ఫిట్టింగు ఉన్న రోజే పిలుస్తున్నాను, నెలకి మూడు నాలుగు పూటలు. పోయిన సంక్రాంతికి కనుమ నాడు ఇంటికి పిలిచి భోజనం పెట్టి, చొక్కా గుడ్డ ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ, "శివరాత్రి అయ్యాక ఏ వారం రమ్మంటారండీ?" అని వాడే అడిగాడు. "ముందు పాస్‌పోర్టుకి పెట్టావా లేదా చెప్పరా" అన్నాను. పెట్టాడట. అంటే ఈ వేసవికి ఉంటాడు, వచ్చే వేసవికి ఇంకొకణ్ణి చూసుకోవాలి.